అమ్మ సంవత్సరీకానికి రెండోసారి అడిగిన సెలవు

అమ్మ సంవత్సరీకానికి సెలవు అడుగుతూ మా మేనేజరుకి నేను రాసిన మొదటి మెయిల్ చాలా చిన్నది. ఇంట్లో కార్యం ఉంది, రెండు రోజులు సెలవు కావాలి, నా పని తోటి ఇంజనీరు చూసుకుంటుంది, అవసరమైతే ఫోన్ చేయండి. మధ్యాహ్నం భోజనాల వేళకి ఆయన సరేనన్నాడు. నేనడిగింది దీపావళికి ముందు రోజులు. అప్పుడు సైటులో పెద్ద పనులేవీ లేవు.

మాది భిలాయి ఉక్కు ప్లాంటులో ఓవర్‌హెడ్ క్రేన్ల మరమ్మతులు చూసే కాంట్రాక్టు సంస్థ. మిల్లు ఆగినప్పుడే మాకు అసలు పని. ఏ క్రేను ఎప్పుడు ఆపాలి, ఎవరు ఎక్కాలి, ఏ సామాను ముందు తేవాలి అన్నది నా బాధ్యత.

అమ్మ పోయినప్పుడు పురోహితుడు కార్తీక బహుళ దశమి అని చెప్పారు. నెలనెలా మాసికాలు పెట్టే వీలు లేక పన్నెండో రోజునే అన్నీ కలిపి చేయించేశారు. అందుకని మళ్లీ ఏడాది దాకా ఆ తిథి ఎప్పుడని చూసుకునే అవసరం పడలేదు. సెలవు ముందుగా చెప్పాలి కాబట్టి వంటింట్లో వేలాడుతున్న కిరాణా షాపు హిందీ క్యాలెండరు తీసి కార్తిక్ నెల, కృష్ణ పక్షం, దశమి వెతికాను. దొరికింది. అమ్మ పోయింది నవంబరు చివర్లో, ఇది అక్టోబరులో పడిందేమిటని ఒక్క క్షణం అనిపించింది. తిథులు ఏటా జరుగుతాయి కదా అనుకుని మెయిల్ పంపేశాను. విజయనగరంలో ఉన్న పెద్దమ్మకి రైలు టికెట్టు కూడా తీశాను.

ఆ సాయంత్రమే ఆవిడ ఫోన్ చేసింది.

“ఏటిరా, దీపావళి అవ్వకుండా కార్తీకమేటి?”

“క్యాలెండర్లో ఉంది పెద్దమ్మా.”

“ఎవలి క్యాలెండరు?”

“ఇక్కడిదే. హిందీది.”

ఆవిడ నవ్వేసింది. “సరిపోయింది. దీపావళెల్లిన మర్నాటి నుంచి కదరా మీ అమ్మ తులసికోట కాడ దీపాలెట్టేది? ఇన్నేళ్లూ ఆ ఇంట్లోనే ఉన్నావు, కళ్లు మూసుకుని తిరిగినావా?” మళ్లీ గొంతు తగ్గించి, “పోన్లే నాన్నా, నా టికెట్టు మార్చీ. పై బెర్తు మాత్రం తియ్యకు. నానెక్కలేను” అంది.

నాకు ఇంకా నమ్మకం కుదరలేదు. రుఆబాంధా కాలనీలో మా క్వార్టరుకీ పక్క క్వార్టరుకీ వెనక పెరడు ఒకటే. ఆ ఇంటి ఛత్తీస్‌గఢీ ఆవిణ్ని నేను చాచీ అంటాను, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అమ్మకి స్నేహితురాలు. అమ్మ ఏ నెలలో పోయిందో గుర్తుందా అని అడిగాను.

“గుర్తులేకపోవడమేంటి బేటా? అగహన్‌లో. గురువారం పూజకి నేను గడపలో పిండితో ముగ్గు వేస్తుంటే మీవాళ్లు వచ్చి చెప్పారు.”

“కార్తిక్ కాదా?”

“కార్తిక్ పున్నమితోనే అయిపోయింది కదా.”

అప్పుడు అర్థమైంది. వీళ్ల నెల పున్నమికి ముగుస్తుంది, మనది అమావాస్యకి ముగుస్తుంది. వెన్నెల తరిగే ఆ పక్షం రోజులూ చాచీకి అగహన్, అంటే మార్గశిరం; పెద్దమ్మకి ఇంకా కార్తీకమే. క్యాలెండరులో నేను వెతికిన కార్తిక్ కృష్ణ పక్షం మన లెక్కలో అంతకు ముందరి నెలది, ఆశ్వయుజానిది. ఒకే గోడకి అటూ ఇటూ ఉన్న రెండు ఇళ్లలో ఆడవాళ్లిద్దరూ రోజూ మాట్లాడుకుంటూ, ఒకే చంద్రుణ్ని చూస్తూ, వేరువేరు నెలల్లో బతికారు. ఒక్కరోజు కూడా అది వాళ్లకి అడ్డురాలేదు. నేను పెరట్లో నిలబడి చాలాసేపు పైకి చూస్తూ ఉండిపోయాను. చంద్రుడు ఇంకా రాలేదు. ఉత్త ఆకాశమే.

అసలు తిథి ఎప్పుడో పంచాంగంలో చూసుకున్నాను. అది సరిగ్గా మిల్లు షట్‌డౌన్ మధ్యలో పడింది. షట్‌డౌన్‌లో మా సైటులో ఎవరికీ సెలవు ఉండదు. పెళ్లిళ్లు కూడా ఆ రోజులు తప్పించి పెట్టుకుంటారు. తద్దినాన్ని తప్పించి పెట్టుకోవడం కుదరదు. అమ్మకి నేనొక్కణ్నే కొడుకుని. కర్త వేరొకరు లేరు.

మర్నాడు మేనేజరు గదిలోకి వెళ్లి, మంజూరైన సెలవు వద్దు, వేరే రోజులు కావాలి అన్నాను. ఆయన భిలాయిలోనే పుట్టి పెరిగిన మనిషి, పెద్దగా నవ్వడు.

“మీ పంచాంగానికి కూడా రివిజన్లు వస్తాయా?” అన్నాడు.

జరిగింది చెప్పాను. విని, గోడ మీద షట్‌డౌన్ చార్టు వైపు చూశాడు.

“ఆ రోజు పెద్ద క్రేను ఉక్కు తాళ్లు చూసే రోజు.”

“అవును సార్.”

“కాదనను, అవుననను. నువ్వు లేకుండా ఆ రోజు ఎలా నడుస్తుందో రాసి పంపు. చదివి చెబుతా.”

ఆ మెయిల్ రాయడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. ముందు పాత సెలవు రద్దు చేయమని అడిగాను. తర్వాత కొత్త తేదీలు, కారణం: అమ్మ సంవత్సరీకం, తిథి మారదు, కర్తని నేనే. ఆ తర్వాత పని. తాళ్లు, బ్రేకు సామాను ముందే స్టోరు నుంచి తెప్పించి క్రేను కిందకి చేరుస్తాను. కరెంటు ఆపి తాళం వేసే పర్మిట్లు మొదటి రోజు నుంచీ తోటి ఇంజనీరు పేరు మీదే తీయాలి, మధ్యలో మనిషి మారితే మళ్లీ మొదటి నుంచి చేయాలి కాబట్టి. సెలవుకి ముందు ఆమెతో కలిసి క్రేనెక్కి ప్రతిదీ చూపిస్తాను. తిరిగి వచ్చిన ఉదయం ఆమె దగ్గరే పని అందుకుంటాను. చివర, అలవాటు కొద్దీ రాశాను: ఏ సమస్య వచ్చినా ఫోన్ చేయండి, వెంటనే వచ్చేస్తాను.

ఆయన నన్ను పిలిపించి స్క్రీను మీద ఆ చివరి వాక్యం చూపించాడు.

“పిండాలు పెడుతూ ఫోనెత్తుతావా?”

నేను ఆ వాక్యం మళ్లీ చదువుకున్నాను.

“ఎత్తవు. ఎత్తకూడదు కూడా. కిందవాళ్లు ఈ వాక్యం నమ్ముకుని పని ఆపుకుని నీకోసం ఎదురుచూస్తారు. అది ప్లాన్ కాదు. తీసెయ్. తాడు బాగాలేదని తేలితే మార్చాలా, క్రేను ఆపి ఉంచాలా అన్నది ఎవరు తేలుస్తారో రాయి. ఒక్క పేరు రాయి.”

పేరు తెలిసిందే. ఆ తోటి ఇంజనీరే. సెక్టర్ 7లో ఉండే అమ్మాయి, నాకంటే చాలా చిన్నది, నన్ను భయ్యా అంటుంది. పనిమంతురాలు. కానీ తాళ్ల విషయంలో ఆఖరి మాట ఎప్పుడూ నాది. తాడు మారిస్తే క్రేను అప్పగించడం ఆలస్యమవుతుంది, మిల్లువాళ్లు నెత్తినెక్కుతారు. మార్చకుండా వదిలేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆ బరువు ఇంకొకరికి ఎలా ఇవ్వాలో నాకు తెలియలేదు.

కూర్చుని ఆలోచిస్తుంటే అమ్మ పుట్టింటికి ప్రయాణమయ్యే రోజులు గుర్తొచ్చాయి. తాళం చాచీ చేతికిచ్చి, హిందీ తెలుగు కలిపి అప్పగింతలు పెట్టేది. పాలు తీసుకో. మోటారు ఆపడం మరిచిపోకు. తులసికి నీళ్లు పొయ్యి. ఆఖర్న ఎప్పుడూ ఒకటే మాట: “ఎండిపోతే నన్ను అడగొద్దు, నువ్వే కొత్తది నాటేయ్.” నాకు చిన్నప్పుడు ఆ మాట కొంచెం కర్కశంగా అనిపించేది.

ఆ వాక్యం తీసేసి రాశాను: తాళ్లు మార్చాలా, క్రేను ఆపి ఉంచాలా అన్న నిర్ణయం పూర్తిగా ఆమెది. నాకు ఫోన్ చేయనక్కర్లేదు. ఆమె తీసుకున్న నిర్ణయాన్ని నాదిగా ఒప్పుకుంటాను.

పంపే ముందు ఆమెకి చూపించాను. రెండుసార్లు చదివింది.

“భయ్యా, నన్ను ఇరికిస్తున్నారు.”

“వద్దంటే తీసేస్తాను.”

“వద్దనలేదు. ఇరికిస్తున్నారన్నాను.” స్క్రీను నా వైపు తిప్పి, “ఆంటీ నాకు ఎన్నిసార్లు పులిహోర పంపిందో. పంపండి” అంది.

సెలవు వచ్చింది. ముందురోజు దుర్గ్ స్టేషన్‌కి వెళ్లి పెద్దమ్మని తీసుకొచ్చాను. కింది బెర్తులో బాగానే పడుకున్నానంది. కానీ బండంతా నూనె వాసనని తిట్టింది. కర్తని కాబట్టి ఆ రోజు నాకు ఒంటిపూట భోజనం. మర్నాడు పొద్దున్నే స్నానం చేసి ఫోన్ కట్టేసి బీరువాలో పెట్టాను.

పురోహితుడు సంకల్పం చెప్పడం మొదలుపెట్టారు. ఇంతకుముందు విన్నవే. ఆ రోజే మాటమాట పట్టి విన్నాను. కల్పం నుంచి మొదలై, యుగం, ద్వీపం, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నాం, ఏ నదుల మధ్య ఉన్నాం, ఏ సంవత్సరం, ఏ నెల, ఏ పక్షం, ఏ తిథి, చివరికి ఎవరు, ఎవరి కోసం. అంత పెద్ద కాలం చిన్నదవుతూ చిన్నదవుతూ వచ్చి నా క్వార్టరు ముందు గదిలో, నా వేలికున్న దర్భ పవిత్రం దగ్గర ఆగింది. కార్తీక మాసం, కృష్ణ పక్షం, దశమి అన్నప్పుడు గోడవతల చాచీ ఇంట్లో గిన్నెల చప్పుడు వినిపించింది. అక్కడ అగహన్.  అమ్మ పేరు, ఆవిడ అత్తగారి పేరు, ఆ పై ఆవిడ పేరు చెప్పి నువ్వులూ నీళ్లూ వదిలాను. మిల్లు సంగతి ఆ కాసేపూ ఒక్కసారి కూడా గుర్తురాలేదు. రాలేదని తర్వాత తెలిసింది.

భోక్తలు వెళ్లాక, మేం తిన్నాక ఫోన్ తెరిచాను. మిస్డ్ కాల్ ఒక్కటీ లేదు. ఆమె దగ్గర్నుంచి ఒక సందేశం మాత్రం ఉంది. పెద్ద క్రేను తాట్లో తీగలు తెగి ఉన్నాయి, మార్చేయమన్నాను, మిల్లువాళ్లు అరిచారు, అరవనిచ్చాను, కొత్త తాడు ఎక్కుతోంది, రేపు మీరొచ్చాక లోడ్ టెస్టు. ఆ తాడు నేను ముందు వారం చూసిందే. ఇంకొన్నాళ్లు వస్తుందనుకున్నాను. నేనుంటే అలాగే అనేవాణ్నేమో, తెలియదు. 

పెద్దమ్మ వెనక తలుపు దగ్గర నుంచి పిలిచింది. “ఏటిరా, తులసమ్మ కొత్తగుంది?”

ఏడాదిగా పండగలు లేవు, దీపాలు లేవు. నేను ఆ కోట వైపు సరిగ్గా చూడలేదు. వెళ్లి చూస్తే అమ్మ పెంచిన మానులాంటి మొక్క లేదు. లేతది, ఆకులు చిన్నవి, మొదలు దగ్గర మట్టి తడిగా ఉంది.

చాచీ తన వైపు బట్టలు ఆరేస్తోంది.

“ఎప్పుడు మార్చావు చాచీ?” అన్నాను.

“ఎండల్లో పోయింది బేటా, పాతది. నాటేశాను.” ఆవిడ చీర దులిపి తీగ మీద వేసింది. “నిన్ను అడగాలా? మీ అమ్మ చెప్పే ఉంచింది కదా.”