వద్దని రాయని కార్డు

కావలిలో వారపత్రిక మేనేజరుగా ఉన్న రోజుల్లో నేను చాలాసేపు దిద్దిన ప్రకటన ఒకటుంది. కాగితం ధర పెరిగింది. చందా పెంచకపోతే పత్రిక మూసేయాలి. ఎడిటర్ గారు స్వయంగా రాసి తెచ్చారు. అందులో తెలుగు భాషాసేవ ఉంది, పాఠకుల ఔదార్యం ఉంది, “త్వరలో స్వల్పమైన పెంపు” ఉంది. ఎంతో, ఎప్పటినుంచో లేదు.

“చందా వసూలుకొచ్చే పోస్టుమాన్ ఎంతడుగుతాడో రాయలేదు సార్,” అన్నాను.

“మొదటి మాటే డబ్బంటే జడుసుకుంటారయ్యా.”

“వాకిట్లో జడుసుకునేదానికన్నా ఇప్పుడే మేలు కదా.”

“నువ్వు వడ్డీవ్యాపారం చేసుకోవాల్సినోడివి,” అని నవ్వి కాగితం నా ముందుకు తోశారు.

ఇలా మార్చాను: “ఏడాది చందా ఇప్పటిదాకా ఆరు రూపాయలు. ఏప్రిల్ మొదటి తేదీ నుంచి ఎనిమిది. గడువు మిగిలినవారు అది తీరేదాకా అదనంగా ఏమీ కట్టనక్కరలేదు. మార్చితో గడువు తీరేవారికి ఏప్రిల్ మొదటి సంచిక వి.పి.లో వస్తుంది. ఖర్చులతో సహా ఎనిమిది రూపాయలు పోస్టుమాన్ చేతికిచ్చి తీసుకోండి. వద్దనుకుంటే మార్చి ఇరవైలోగా ఒక కార్డు రాయండి.”

చివరి వాక్యం ఎడిటర్ గారికి నచ్చలేదు. వి.పి. తిరిగొస్తే తపాలా ఖర్చు మనమీదే పడుతుందని చెప్పి ఉంచాను. పత్రిక ఏప్రిల్‌లో మొదలైంది కనుక చాలామంది గడువు మార్చితోనే తీరేది.

మార్చి ఇరవై దాటింది. ఒక్క కార్డూ రాలేదు. ఎడిటర్ గారు మిఠాయి తెప్పించారు. “చూసినావా! ఒక్కడన్నా వద్దన్నాడా?” అన్నారు. నాకూ ధైర్యం వచ్చింది. వి.పి.లన్నీ కట్టి పంపాము. తపాలాకు అప్పు చేశాము.

వారం తిరక్కుండా అవి వెనక్కి రావడం మొదలైంది. పోస్టుమాన్ సంచీలోంచి తీసి బల్లమీద పెట్టేవాడు, మా ముఖాలు చూసేవాడు కాదు. దొరవారిసత్రంవి వచ్చాయి, కొడవలూరువి వచ్చాయి. మా వీధి చివర బట్టల కొట్టు సాయిబు గారిది కూడా వచ్చింది. మొదటి సంచిక నుంచీ చందాదారు ఆయన.

వెళ్ళి అడిగాను. “ప్రకటన అర్థం కాలేదా సాయిబు గారూ?”

“ఎందుకు కాలేదన్నా? ఎనిమిది రూపాయలు, ఏప్రిల్ ఒకటి. బాగా రాసినారు. మావల్ల కాదు, అంతే.”

“మరి కార్డు రాయొచ్చుగా?”

ఆయన గజంబద్ద పక్కన పెట్టాడు. “ఎడిటర్ గారంత పెద్దమనిషికి వద్దని ఎట్లా రాసేదన్నా? రేపు ఎదురుపడితే మొహం ఎట్లా చూపించేది? పోస్టుమాన్‌తో అయితే వద్దన్న ఒక్క మాటతో పోయె.”

తిరిగి వచ్చేసరికి ఎడిటర్ గారు ఆ ప్రకటనే చదువుతున్నారు.

“ఇందులో వాళ్ళకు ఏం తెలీలేదయ్యా?”

“అంతా తెలిసింది సార్.”

ఆయన దాన్ని మడిచి పక్కన పెట్టారు. తిరిగొచ్చిన కట్టల మధ్య కాస్త చోటు చేసుకుని ఒక కాగితం రాసిచ్చారు. పత్రిక ఏ తేదీతో ఆగిపోతుందో, గడువు మిగిలినవారికి ఎంత తిరిగి వస్తుందో, రెండే వాక్యాలు. భాషాసేవ లేదు, ఔదార్యం లేదు.

కలం పట్టుకుని చాలాసేపు చూశాను. దిద్దడానికి ఏమీ లేదు. అలాగే కంపోజింగుకు పంపాను.