వైవాలో నాకిచ్చిన ఐదు నిమిషాలు

1980ల నాటి మాట. మెదక్ కోర్టులో ప్లీడరుగా పనిచేస్తూనే మధ్యవర్తిత్వ చట్టం మీద పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథం రాశాను. వైవా, అంటే మౌఖిక పరీక్ష, తేదీ ఖాయమయ్యాక హైదరాబాదు నుంచి మా గైడు ఉత్తరం రాశారు: మొదట ఐదు నిమిషాలు నేనే మాట్లాడాలట, నా పరిశోధన వల్ల కొత్తగా తేలిందేమిటో చెప్పాలట.

తొమ్మిది పేజీలు రాసుకున్నాను. ఆదివారం చర్చి నుంచి వచ్చాక అక్కను ఎదురుగా కూర్చోబెట్టి చదవడం మొదలుపెట్టాను. అక్క దవాఖానాలో నర్సు. గడియారం చూస్తూ వింటోంది. నేనింకా బ్రిటిషు కాలం చట్టాల దగ్గరే ఉన్నాను.

"ఆపురా, అయిదు నిమిషాలైపోయినయ్," అంది. "గిదంతా పాత ముచ్చటే గదా. నువ్వేం కనుక్కున్నవ్?"

కాగితాలు పక్కన పెట్టాను.

"ఇద్దరు కొట్లాడి ఒక మధ్యవర్తిని ఒప్పుకుంటరనుకో అక్కా. తీర్పు ఎందుకట్ల ఇచ్చిండో ఆయన రాయాలని చట్టంల లేదు. రాసిండనుకో, దాంట్ల చట్టం తప్పు కనబడితే కోర్టు తీర్పును కొట్టేస్తది. ఏం రాయకుంటే తప్పు కనబడనే కనబడదు. తీర్పు నిలబడ్తది."

"అంటే నోరు మూసుకున్నోడే మంచిగుంటడా? మరి ఓడినోనికి ఎందుకు ఓడిండో ఎట్ల తెలుస్తది?"

"తెల్వది. అందుకే, కారణాలు రాయాలె, రాసినందుకు చిన్న తప్పులు పట్టి తీర్పు కొట్టేయొద్దు అంటున్న. రెండూ కలిపి చెప్పింది నేనే."

"గదే చెప్పు. మిగిలింది ఆ సార్లు చదివే ఉంటరు."

ఆ మధ్యాహ్నమే తొమ్మిది పేజీలను ఒకటిన్నరకు తగ్గించాను.

యూనివర్సిటీలో మా గైడు, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు బల్లకు అవతల కూర్చున్నారు. మాటలన్నీ ఇంగ్లీషులోనే. మౌనంగా ఉన్న మధ్యవర్తికి చట్టం ఇస్తున్న రక్షణ, కారణం చెప్పిన మధ్యవర్తికి ఇవ్వడం లేదని అన్నాను. పరీక్షకుడు కలం కింద పెట్టి తలెత్తాడు. అక్కడి నుంచి ధైర్యం వచ్చింది. నేను చదివిన కేసులేమిటో, ప్రతిపాదించిన రెండు సవరణలేమిటో, నా పరిశోధన పరిమితులేమిటో చెప్పి, గడువులోపలే ముగించాను.

"కారణాలు రాయిస్తే ప్రతి ఓడినవాడూ వాటిని పట్టుకుని కోర్టుకెక్కడా?" అని ఆయన అడిగాడు.

"ఎక్కుతాడు. అందుకే కారణాలు రాయాలనే మొదటి సవరణ, చిన్న తప్పులకు తీర్పు కొట్టేయకూడదనే రెండోది లేకుండా రాకూడదంటున్నాను," అన్నాను.

గంటసేపు ప్రశ్నలు అడిగారు. కాసేపు బయట కూర్చోమని, మళ్లీ పిలిచి, డిగ్రీకి సిఫారసు చేస్తున్నామన్నారు.

చట్టం మారడానికి ఎన్నేళ్లు పడుతుందో అప్పటికి తెలియదు. కానీ ఆ నెలలోనే తూప్రాన్ నుంచి ఇద్దరు అన్నదమ్ములు రైస్ మిల్లు పొత్తు పత్రం రాయించుకోవడానికి వచ్చారు. తగువొస్తే మధ్యవర్తి దగ్గరికి పోతామన్నారు. కారణాలు రాస్తే కోర్టు వాటిలో తప్పులు పట్టే వీలుంటుందని కూడా చెప్పి, ఆ మధ్యవర్తి తన తీర్పుకు కారణాలు రాయాలని ఒక వాక్యం చేర్చమంటారా అని అడిగాను.

పెద్దాయన తమ్ముడి వైపు చూశాడు. "రాయుండ్రి సారూ," అన్నాడు, "ఎవలు ఓడినా ఎందుకోడినమో తెల్వాలె."