క్రియ ఎక్కడుంది?

మిరప ధర, పత్తి పురుగు తప్ప ఇంకో మాట వినబడని సత్తెనపల్లి చుట్టుపక్కల లాటిన్ చెప్పి బతికే మనిషి ఒకడున్నాడంటే చాలామంది నమ్మరు. ఇన్నయ్య మాస్టారు ఆ మనిషి. కాబోయే ఫాదర్లు చదువుకునే సెమినరీలో, దైవశాస్త్రానికి ముందు పిల్లలకు భాష నేర్పే ఏడాది క్లాసు ఆయనది. పెళ్లయిన కొత్తలో భార్య ఫెబా, "చచ్చిపోయిన భాషక్కూడా కూలి గిడుతుందా మీకు?" అని నవ్వేది. ఆమె గుంటూరు లూథరన్ల ఇంటి పిల్ల. వాళ్ల ఇంట్లో ప్రార్థనంతా తెలుగే.

మాస్టారి తండ్రి మిరపకోతల కూలీ. ఊరికి వచ్చిన విచారణ గురువు, అంటే ఆ చుట్టుపక్కల గుళ్లు చూసే ఫాదర్, పిల్లాడి జ్ఞాపకశక్తి చూసి హాస్టల్లో చేర్పించాడు. ఇన్నయ్య గురుపట్టానికి, అంటే ఫాదర్ కావడానికి, రెండేళ్ల దూరం దాకా వెళ్లి, నాకు ఆ పిలుపు లేదని చెప్పి బయటికొచ్చేశాడు. తండ్రి మూణ్ణెల్లు మాట్లాడలేదు. సెమినరీ వాళ్లే పిలిచి, "పట్టం వద్దంటే వద్దు గానీ లాటిన్ మటుకు వదలకు" అని పనిచ్చారు. అప్పట్నుంచీ అక్కడే.

ఆయన పాఠం ఎప్పుడూ ఒకే ప్రశ్నతో మొదలయ్యేది. బోర్డు మీద వాక్యం రాసి, సుద్దముక్క బల్లమీద పెట్టి, "క్రియ ఎక్కడుంది?" అనేవాడు. ఎడమ నుంచి కుడికి అర్థం చెప్పుకుంటూ పోయేవాణ్ణి మధ్యలోనే ఆపేసేవాడు. "మాటలు వరసలో నిలబడ్డాయని నమ్మకురా. లాటిన్‌లో వరస ఎటైనా మారుతుంది. ముందు క్రియను పట్టుకో. దాని చివర చూడు, ఏకవచనమా బహువచనమా? అప్పుడు కర్తను వెతుకు. తక్కిన మాటల చివర్లు చూస్తే ఎవరు ఎవర్నేం చేశారో అవే చెబుతాయి." తెలుగు పిల్లలకు ఇది అర్థం కావడం కష్టం కాకూడదని ఆయన వాదన. 'రాముణ్ణి పాము కరిచింది' అంటే రాముడు ముందున్నాడు కదాని పామును కరిచాడనుకుంటామా? ఇంగ్లీషు మీడియం పిల్లలే తడబడేవాళ్లు. ముందొచ్చినవాడే పని చేసినవాడని వాళ్లకు అలవాటు.

జయపాల్ అలాంటి పిల్లాడే. తెలివైనవాడు, మంచివాడు, తొందరపాటు మనిషి. ఇప్పుడు ఫాదర్ జయపాల్ అయ్యి, జోజిపాలెం గుడి విచారణ చూస్తున్నాడు. ఆ ఊళ్లో రెండు బోర్లు ఎండిపోయాయి. మార్చి నెలకే ట్యాంకరు కోసం బిందెలు బారులు తీరుతున్నాయి. గుడి వెనక పాత మిషన్ కాలం బావి ఒకటుంది, ఎప్పుడో బండ వేసి మూసేసింది. దాన్ని తెరిపించి పూడిక తీయిస్తే ఊరికి నీళ్లొస్తాయని ఫాదర్ సంకల్పం. బండ మీద పేరుకున్న సున్నం గీకిస్తే అక్షరాలు బయటపడ్డాయి. ఆదివారం సాయంత్రం మాస్టారి ఫోనుకు ఆ ఫోటో వచ్చింది.

కింద ఫాదర్ మాటలు: "మాస్టారూ, మీరు చెప్పిన లాటిన్ పనికొచ్చింది! కరువు సంవత్సరంలో ఏడుగురు పిల్లలు ఈ బావిని సాధించారట. అప్పటి మన మిషన్ అనాథాశ్రమం పిల్లలే తవ్వారన్నమాట. ఊరంతా ఉప్పొంగిపోతోంది. రేపు పూడిక మొదలు."

మాస్టారు అప్పుడే స్నానం చేసి వచ్చాడు. కళ్లజోడు ఎక్కడుందో కనబడలేదు. ఫోటో పెద్దది చేయకుండానే సంతోషపడి, దండం బొమ్మ పెట్టి పంపాడు.

మర్నాడు పొద్దున క్లాసుకు వెళ్తూ, పిల్లలకు పుస్తకంలో లేని వాక్యం దొరికిందన్న హుషారుతో ఫోను తీసి బోర్డు మీద దించాడు. పెద్దక్షరాలు, యు ఉండాల్సిన చోట వి.

SEPTEM PVEROS ANNO FAMIS HIC PVTEVS CEPIT

"క్రియ ఎక్కడుంది?"

"చివర సార్. చేపిత్" అన్నాడు అనిల్ కుమార్ అనే కుర్రాడు. "కాపియో నుంచి. తీసుకొను, పట్టుకొను. భూతకాలం."

"వచనం?"

"చివర త్ ఉంది సార్. ఏకవచనం. బహువచనమైతే న్త్ రావాలి, చేపేరున్త్."

మాస్టారు బోర్డు వైపు తిరిగాడు. ఏడుగురు పిల్లలు చేస్తే క్రియ ఏకవచనంలో ఎందుకుంటుంది?

"కర్త?" అన్నాడు.

"సెప్తెం మారదు కాబట్టి దాన్ని చూసి చెప్పలేం సార్. పుయెరోస్, చివర ఓస్ ఉంది, ద్వితీయా బహువచనం. పిల్లల్ని. కర్తయితే పుయెరీ అనుండాలి. ఆన్నో, సంవత్సరంలో. ఫామిస్, కరువు యొక్క. హిక్ పుతెయుస్, ఉస్ ఉంది కాబట్టి ప్రథమ. ఈ బావి." కుర్రాడు మాటలన్నీ ఒక దగ్గరికి తెచ్చుకుంటూ నెమ్మదించాడు. "సార్, కర్త బావే కదా?"

వెనక బెంచీల్లోంచి ఎవరో వాక్యాన్ని తెలుగులో పూర్తిచేశారు. "కరువు సంవత్సరంలో ఏడుగురు పిల్లల్ని ఈ బావి తీసుకుంది."

తీసుకుంది కాదు, అనుకున్నాడు మాస్టారు. పొట్టన పెట్టుకుంది.

వరండాలోకి వచ్చి ఫాదర్‌కు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. మూడోసారి గుళ్లో జపాలు చెప్పించే ఉపదేశి శౌరయ్య ఎత్తాడు. "ఫాదర్ గారు ఫోను గదిలో పెట్టి బావి దగ్గరికెళ్లారండీ. పూడిక వాళ్లొచ్చేశారు."

"పరిగెత్తు శౌరయ్యా. ఎవర్నీ దిగనివ్వొద్దని చెప్పు. నేను చెప్పానని చెప్పు."

శౌరయ్యకు డెబ్బై దాటాయి. ఆయన పరిగెత్తడం ఎలా ఉంటుందో మాస్టారికి తెలుసు. బండి తీశాడు.

దారికి అటూఇటూ కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నేలంతా ఎర్రగా ఉంది. ఘాటుకు కళ్లు నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడానికి కూడా ఆగలేదు. పిల్లలు పడి చచ్చిపోయారంటే ఒకరో ఇద్దరో పడతారు. ఏడుగురు ఎలా పడతారు? ఆ ప్రశ్నతోనే బండి వేగం పెంచాడు.

జోజిపాలెంలో గుడి వెనక జనం మూగి ఉన్నారు. బండను పక్కకు జరిపారు. బావి నోరు నల్లగా ఉంది. పున్నమ్మ అనే ముసలమ్మ దూరంగా వేపచెట్టు కింద కూచుని, "మాయవ్వ ఇటు రానిచ్చేది కాదు. ఎందుకో చెప్పేది కాదు" అని వచ్చినవాళ్లందరితోనూ అంటోంది. ఎవరూ వినడం లేదు. శౌరయ్య ఇంకా గుంపు అంచునే రొప్పుతూ దారి వెతుక్కుంటున్నాడు.

"మాస్టారూ! మీరే వచ్చారే" అన్నాడు ఫాదర్ జయపాల్ ముఖమంతా వెలిగిపోతూ. "అంకమ్మరావు దిగాడు, ఇప్పుడే."

"పైకి లాగించు. ముందు లాగించు, తర్వాత చెబుతాను."

"ఏమైంది?"

"క్రియ ఏకవచనం, జయపాల్. బావి కర్త. పిల్లలు కర్మ."

ఫాదర్ ఒక్క క్షణం బండ వంక చూశాడు. పెదాలు కదిలాయి. చిన్నప్పుడు క్లాసులో కదిలినట్టే, మాట చివర్లు లెక్కపెట్టుకుంటూ. తర్వాత ఆ ముఖంలో రక్తం లేదు.

"బాజీ! లాగండి!"

బాజీ పూడిక పని పెద్ద. అంకమ్మరావు అతని బామ్మర్ది. మోకు అంకమ్మరావు మొలకు కట్టే ఉంది, గిలక మీదుగా ఇద్దరు పట్టుకుని నిలబడ్డారు. బాజీ బావిలోకి వంగి, "ఒరేయ్ అంకమ్మా!" అని కేకేశాడు. లోపలి నుంచి ఏదో మాట వచ్చింది. నాలుక మడతపడిన తాగుబోతు మాటలా ఉంది. ఆ తర్వాత ఏమీ రాలేదు.

"వీడికేమైందిరా? నేను దిగుతా" అని బాజీ చొక్కా విప్పేశాడు.

అప్పుడు మాస్టారికి ఏడుగురు ఎలాగో అర్థమైంది. ఒకడు పడిపోతే ఇంకొకడు దిగాడు. వాణ్ణి తెద్దామని మరొకడు. ఒకరి వెనక ఒకరు. ఆయన రెండు చేతులా బాజీని వాటేసుకుని బావి ఒర మీంచి వెనక్కి లాగాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషికి అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. ఇద్దరూ మట్టిలో పడ్డారు.

"వదులు సార్! నా బామ్మర్ది సార్!"

"దిగితే నువ్వూ అంతే. లోపల గాలి లేదు. మోకు పట్టు, లాగు!"

ఫాదర్ కూడా మోకు పట్టాడు. తెల్ల అంగీ మీద మోకు చారలు పడ్డాయి. అందరూ లాగారు. అంకమ్మరావు తల వేలాడేసుకుని పైకొచ్చాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. నేల మీద పడుకోబెట్టి మొహం మీద నీళ్లు కొడితే, చాలాసేపటికి ఒక్కసారి దగ్గాడు. బాజీ అతని పక్కన కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆటోలో సత్తెనపల్లి ఆసుపత్రికి తీసుకెళ్లారు.

మిగిలినవాళ్లలో కొందరు అప్పటికీ నమ్మలేదు. ఎండదెబ్బ అన్నారు. ఫాదర్ గుళ్లోంచి కొవ్వొత్తి తెచ్చి, బకెట్లో నిలబెట్టి వెలిగించి, మాట్లాడకుండా బావిలోకి దించాడు. అందరూ వంగి చూశారు. గాలి కదలికే లేదు. రెండు నిలువుల లోతు దాకా మంట నిటారుగా వెలిగింది. తర్వాత ఎవరో వేళ్లతో నలిపినట్టు ఆరిపోయింది. మళ్లీ వెలిగించి దించాడు. మళ్లీ అక్కడే ఆరింది. ఆ తర్వాత ఎవరూ ఎండ గురించి మాట్లాడలేదు.

సాయంత్రానికి బండ మళ్లీ బావి మీదికి చేరింది. ఊరి పెద్ద ఒకాయన మాస్టారి దగ్గరికొచ్చి, "మా పెద్దోళ్లు తవ్వారని నిన్నంతా గొప్పగా చెప్పుకున్నామండీ. ఇయ్యాల ఆళ్లు అందులోనే ఉన్నారంటున్నారు" అన్నాడు. కోపమో బాధో తెలియదు. ఫాదర్ మటుకు ఆయన్ను బండి దాకా సాగనంపి, "నిఘంటువులో మాటలన్నీ దొరికాయి మాస్టారూ. చివర్లు చూడలేదు" అన్నాడు. మాస్టారు అతని భుజం మీద చెయ్యి వేశాడు. నిన్న సాయంత్రం దండం బొమ్మ పంపిన చెయ్యే అది, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆ వారంలోనే అంకమ్మరావును చూడ్డానికి ఆసుపత్రికి వెళ్లాడు. మంచం మీద లేచి కూచుని ఇడ్లీ తింటున్నాడు.

"ఏం జరిగిందో గుర్తుందా అబ్బాయ్?"

అంకమ్మరావు ఇడ్లీ పక్కన పెట్టాడు. "ఉంది సార్. ఊపిరాడలేదని చెబుతారు గానీ, నాకలా లేదు. నిద్దరొచ్చినట్టుంది. ఎవరో పక్కేసి పిలిచినట్టుంది. భయమే వెయ్యలేదు సార్. ఇంటికొచ్చేశా అనిపించింది."

కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "ఇప్పుడు పడుకోవాలంటే భయంగా ఉంది."

మాస్టారు ఆ రాత్రంతా అతని మంచం పక్కన స్టూలు మీద కూచున్నాడు. అతని రొమ్ము లేస్తోందా లేదా అని చూస్తూనే ఉన్నాడు.