మూయని బ్రాకెట్

డిగ్రీ రెండో ఏడాదిలో, పైథాన్ ప్రాక్టికల్ పరీక్షకు ముందురోజు, నేను బాన్సువాడలో మా కాలేజీ ల్యాబ్‌లో కూర్చుని ఎంటర్ కొట్టడం, ఖాళీ చెరపడం, మళ్లీ ఎంటర్ కొట్టడం... ఇదే పనిగా ఉన్నాను. కొత్త లైను ఎడమ అంచున మొదలవ్వాలి. ప్రోగ్రాం రాసే ఎడిటర్ మాత్రం ప్రతిసారీ కర్సర్‌ను లైను మధ్యకు తోసేస్తోంది. చెరిపి రాసి రన్ చేస్తే ఆ కింది లైనులోనే తప్పుందంటోంది. అక్కడ నాకేమీ కనిపించడం లేదు. ఇంటికి పోయే బీర్కూర్ బస్సుకు గంట కూడా లేదు.

ఆ సిస్టమ్ నాకూ నా స్నేహితురాలికీ కలిపి ఇచ్చారు. పొద్దున తనే వాడింది.

"సెట్టింగులు నువ్వే మార్చినవ్ గదా," అన్నాను పక్కనే ఉన్న తనతో, నలుగురూ వినేలా.

"నేనేం ముట్టలే," అంది తను. నేను నమ్మలేదని తెలిసి, నోట్సు తీసుకుని వెనక బెంచీకి వెళ్లిపోయింది.

ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పక్క సిస్టమ్‌కు మారాను. అక్కడా అదే తంతు. తను ముట్టని సిస్టమ్ అది. ఆ సంగతి అప్పుడే అర్థమైంది, కానీ వెనక్కి తిరిగి చూడటానికి మొహం చెల్లలేదు. కాలు ఊపుతూ గడియారం చూశాను. లేచి నీళ్లు తాగి వచ్చాను, దాహం లేకపోయినా.

చివరికి ల్యాబ్ మేడమ్‌ను పిలిచాను. ఆవిడ కీబోర్డు తాకలేదు.

"చెరపకు. కర్సర్ ఎక్కడ ఆగుతుందో చూడు," అన్నారంతే.

చూశాను. పై లైను, ప్రోగ్రాం నడిపేవాళ్లను మార్కులు అడిగి తీసుకునేది. కర్సర్ సరిగ్గా ఆ లైనులోని 'ఇన్‌పుట్' మొదటి అక్షరం కిందే ఆగుతోంది. దాని ముందే 'ఇంట్' పక్కన తెరిచిన బ్రాకెట్ ఉంది. వేలితో లెక్కపెట్టాను. తెరిచినవి రెండు, మూసింది ఒకటి. ఆ లైను ఇంకా పూర్తికాలేదనుకుని ఎడిటర్ మిగతాది బ్రాకెట్ లోపలికి సర్దుతోంది. ల్యాబ్‌లోది పాత పైథాన్ కాబట్టి, తప్పు కింది లైనులో ఉన్నట్టు చూపింది.

లైను చివర ఒక బ్రాకెట్ కొట్టి ఎంటర్ నొక్కాను. కర్సర్ ఎడమ అంచుకు వచ్చి నిలబడింది. నాకు నవ్వు రాలేదు. అందరి ముందూ అన్న మాట అలాగే ఉంది.

వెనక బెంచీ దగ్గరికి వెళ్లాను. ల్యాబ్ అంతా వింటుందని తెలిసే అన్నాను.

"సెట్టింగులు కాదు. నేనే బ్రాకెట్ మూయలే. ఊకెనే నిన్ను తప్పుబట్టిన."

తను నోట్సులోంచి తల ఎత్తలేదు. అలాగే ఉండి అడిగింది, "ప్రోగ్రాం నడిచిందా మరి?"

"ఇంకా రన్ చెయ్యలే."

"పోయి చెయ్యి ముందు. బస్సు పోతది."

అప్పుడు కూడా నా వైపు చూడలేదు. బస్సులో మాత్రం ముందే ఎక్కి తన పక్కన సీటు మీద బ్యాగు పెట్టి ఉంచింది. నేను ఎక్కగానే దాన్ని ఒళ్లోకి తీసుకుంది.