బ్లౌజు ముక్క లేని చీర

నేను నందిగామలో ఇంటి నుంచే చీరలు అమ్ముతాను. ఓ మధ్యాహ్నం జగ్గయ్యపేట నుంచి, చీర కొన్నావిడ ఫోన్ చేసింది.

"బ్లౌజు ముక్క ఏ కొసనుందండి? టైలర్ కత్తెర పట్టుకుని నిలబడ్డాడు."

అది మంగళగిరి కాటన్, చేనేత, అయిదున్నర మీటర్లు, జరీ అంచు, బ్లౌజు లేదు. అంతా వాట్సాప్ గ్రూపులో రాసే పెట్టాను. ఆవిడకు మాత్రం ఎవరో ఫొటో ఒక్కటే ఫార్వర్డ్ చేశారు.

"కత్తిరించొద్దండి, అందులో బ్లౌజు లేదు" అంటుండగానే లైను కట్టయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ముక్క కోసేస్తే కుచ్చిళ్లకు చాలదు.

కాసేపటికి ఆవిడే చేసింది.

"ఆపేశాడండి. అంచుకు నప్పే బ్లౌజు ముక్క ఉంటే పంపండి."

ఆ సాయంత్రం నుంచి వివరాలన్నీ ఫొటో మీదే రాస్తున్నాను.