సగం దిగడానికి ఐదు రోజులు

చార్మినార్ వెనక సందులో ఒక మందుల దుకాణంలో పదిహేడేళ్లు నిలబడ్డాను. యజమాని పొద్దున తాళం తీసి వెళ్తే మళ్లీ సాయంత్రమే ముఖం చూపించేవాడు. పగలంతా నేనే. నా డి.ఫార్మసీ సర్టిఫికెట్ అద్దం కట్టించుకుని గోడమీద ఉండేది, దాన్ని చదివిన పాపాన పోయినవాళ్లు లేరు. గల్లీ మొత్తానికి నేను ‘మెడికల్ ఆపా’ని, అంతే.

మా దగ్గర మందు కొనే పద్ధతి ఒకటుంది. డాక్టర్ రాసిన చీటీ ఎప్పుడో పోయి ఉంటుంది. గోలీలు అయిపోయిన ఖాళీ పట్టీ తెచ్చి బల్లమీద పడేస్తారు. "ఆపా, యహీచ్ దేదో" అంటారు. వెనక్కి తిప్పి పేరు చూసి అదే ఇచ్చేస్తాం. ఎప్పటి మందు, మళ్లీ డాక్టర్ దగ్గరికి పోయారా, రక్తపరీక్ష చేయించారా అని అడిగితే పక్క దుకాణానికి పోతారు. అందుకని అడగం. మా అమ్మకూ ఆరేళ్లు నేను అట్లాగే ఖాళీ పట్టీ చూసి ఇచ్చాను. కన్నతల్లిని అడగడానికి నాకేం రోగమొచ్చిందో ఇప్పటికీ తెలియదు.

మాది పాల వ్యాపారం. ఇంటి వెనక నాలుగు బర్రెలు. నాయన పోయాక అన్న పాలు పిండేవాడు, అమ్మ వాకిట్లో క్యాను ముందు పీట వేసుకుని కొలిచి పోసేది. ఆరేళ్ల కిందట ఆమెకు గుండె లయ తప్పి కొట్టుకుంటోందని డాక్టర్ డిగాక్సిన్ రాశాడు. రోజుకొక చిన్న గోలీ, వారానికి ఐదు రోజులే. శని, ఆదివారాలు వద్దన్నాడు. అమ్మకు అది తమాషాగా ఉండేది.

"గోలీకి సుత ఐతారం సెలవుందట. నాకే లేదు. బర్రెలకు ఐతారం ఏం తెల్సు?" అనేది.

ఆ సెలవు ఎందుకో నేనే ఆమెకు చెప్పాను, పెద్ద పండితురాలిలా. మందు ఒంట్లోకి పోయాక ఒకేసారి మాయమైపోదు. కొంత కాలానికి సగం పోతుంది, మళ్లీ అంతే కాలానికి మిగిలినదాంట్లో సగం పోతుంది. ఆ కాలాన్నే మేం హాఫ్ లైఫ్ అంటాం. జ్వరం గోలీకి అది రెండు మూడు గంటలు. అందుకే పొద్దున వేసుకున్నవాళ్లు మధ్యాహ్నానికి మళ్లీ వణుకుతూ వస్తారు. డిగాక్సిన్‌కు ఒకటిన్నర రోజు పైనే. పాతది పోకముందే కొత్తది పడుతుంది కాబట్టి మోతాదు మించకుండా వారానికి రెండు రోజులు ఆపమంటారు. అమ్మ విని, "మంచిగనే చదివినవ్ బిడ్డా" అంది. నేను మురిసిపోయాను.

పోయిన వానాకాలం ఆమెకు మోకాళ్లు పట్టేశాయి. పీటమీంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి. "అయ్యో దేవుడా, ఈ కాళ్లు కోసి పారేయుండ్రి" అని ఏడ్చేది. ఒకరోజు దుకాణం నుంచి డైక్లోఫెనాక్ పట్టీ తెచ్చి ఇచ్చాను. గంటలో లేచి నడిచింది. సాయంత్రానికి మళ్లీ నొప్పి. ఇంకొకటి వేసుకుంది. రెండు నెలలు రోజుకు రెండు, ఒక్కోసారి మూడు.

గుండె జబ్బువాళ్లకు, వయసు మీదపడ్డవాళ్లకు అది ఇవ్వకూడదని నాకు తెలియదా? తెలుసు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. కానీ నా లెక్క వేరే. దాని హాఫ్ లైఫ్ రెండు గంటలు కూడా ఉండదు, పూట తిరిగేసరికి ఒంట్లో ఉండదు, లోపల నిలవని మందు ఏం చేస్తుందిలే అనుకున్నాను. మందు వెళ్లిపోయినా అది చేసిన పని లోపలే ఉండిపోతుందని నా బుర్రకు తట్టలేదు. అది రోజూ వచ్చి పోతూ అమ్మ కిడ్నీలను దెబ్బ తీస్తోంది. డిగాక్సిన్ బయటికి పోయే దారి ముఖ్యంగా ఆ కిడ్నీలే.

మొదట ఆమెకు అన్నం సయించలేదు. తర్వాత వాంతులు. ఆ తర్వాత ఒక పొద్దున క్యాను మూత తీసి అన్నతో లొల్లి పెట్టుకుంది.

"ఏం పెడుతున్నవ్ రా బర్రెకు? పాలు పచ్చగున్నయేంది, పసుపు కలిపినట్టు?"

"నీ కండ్లకేమన్నా అయిందా అమ్మా? తెల్లగనే ఉన్నయి గదా!"

"నాకే చెప్తవా? పుట్టినకాన్నుంచి పాలల్లనే ఉన్న!"

పాలు కొనడానికి వచ్చిన చాచా కూడా గిన్నెలోకి తొంగి చూసి, "సఫేదీచ్ హై అమ్మా" అన్నాడు. అమ్మ వినలేదు. ఆ రోజు క్యానెడు పాలు మోరీలో పారబోయించింది. అన్న కోపంతో అన్నం తినకుండా వెళ్లిపోయాడు. నేను ఆమె కంటిరెప్పలు లాగి చూసి, కామెర్లు లేవు, కంట్లో మోతిబిందు పొర ముదిరి ఉంటుంది, పండగ అయ్యాక చూపిద్దాం అన్నాను. నవ్వాను కూడా. వాంతి గోలీ ఒకటి చేతిలో పెట్టాను. డిగాక్సిన్ ఒంట్లో ఎక్కువైతే లోకం పసుపుగా కనిపిస్తుందని కాలేజీలో మా మేడం రెండుసార్లు చెప్పింది. రాసుకున్నాను. రాసుకుని ఏం లాభం?

ఆదివారం మధ్యాహ్నం అమ్మ పీటమీంచి పక్కకు ఒరిగిపోయింది. ఆటోలో నయాపూల్ దాటేదాకా ఆమె చెయ్యి పట్టుకుని నాడి లెక్కపెడుతూనే ఉన్నాను. నిమిషానికి ముప్పై ఆరు. ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ నాకంటే చిన్నది. ఏ మందులు వాడుతున్నారని అడిగింది. చెప్పాను. డిగాక్సిన్ అనగానే ఆమె ముఖం మారింది.

"దానివల్ల కాదు మేడం. నిన్న, ఇయ్యాల సెలవు. రెండు రోజులసంది ఆ గోలీ వేసుకోలే. సగానికి పైగా దిగిపోయి ఉంటది" అన్నాను.

"అది కిడ్నీలు మంచిగున్నోళ్లకు. ముందు క్రియాటినిన్ రానీయండి."

రిపోర్ట్ వచ్చింది. నాలుగు పాయింట్ ఒకటి. మామూలుగా ఒకటికి అటూఇటూ ఉండాలి. డాక్టరమ్మ కాగితం నాకే ఇచ్చింది, చదువుకున్నదాన్నని.

"ఈ కిడ్నీలతోని సగం దిగాల్నంటే నాలుగైదు రోజులు పడతది. మీరిచ్చిన రెండు రోజుల సెలవుల పావు వంతు పోయిందేమో. మళ్లీ సోమవారం గోలీ పడ్డది. గట్ల వారం వారం పేరుకుంట వచ్చింది. నొప్పి గోలీలు ఏమన్నా వాడుతున్నరా?"

మాతో వచ్చిన అన్న అప్పటికే మందుల చీటీ పట్టుకుని కిందికి పోయాడు. "వాడుతుంది. నేనే ఇచ్చిన" అన్నాను. ఆమె రాసుకుంది. తిట్టినా బాగుండేది.

గుండె వేగం పెరగడానికి ఇంజెక్షన్ ఇచ్చారు. నాడి అరవైకి ఎక్కింది. అమ్మ కళ్లు తెరిచి నీళ్లు అడిగింది. అన్న, "చూసినవా, ఏం గాదు, ఫికర్ జేయకు" అని నా భుజం తట్టాడు. రెండు గంటలు తిరగకముందే నాడి మళ్లీ నలభై కిందికి జారింది. ఆ ఇంజెక్షన్‌ది పూట ఆయుష్షు, లోపలున్న గోలీది రోజుల ఆయుష్షు. ఇదేం పందెం! చివరికి మెడలోంచి గుండెలోకి సన్నని తీగ దించి, బయట పెట్టెతో గుండె కొట్టించారు.

ఆదివారం సాయంత్రం తీసిన రక్తంలో డిగాక్సిన్ ఎంతుందో సోమవారం రిపోర్ట్ వచ్చింది. నాలుగు పాయింట్ ఎనిమిది. రెండు దాటితేనే విషమంటారు. నేను వార్డు బయట గోడకానుకుని లెక్క వేశాను. ఐదు రోజులకు రెండు పాయింట్ నాలుగు. పది రోజులకు ఒకటి పాయింట్ రెండు. పది రోజులు అమ్మ గుండె తట్టుకుంటే చాలు. డయాలసిస్ చేయమని కిడ్నీ డాక్టర్ కాళ్లావేళ్లా పడ్డాను.

"చెయ్యొచ్చు, గని ఈ మందు పోదమ్మా. రక్తంల ఉన్నది కొంచెమే, కండరాలల్ల ఇమిడిపోయిందే ఎక్కువ. మిషన్‌కు అందదు" అన్నాడు.

దీనికి విరుగుడు ఇంజెక్షన్ ఒకటుందని నాకు తెలుసు. పదిహేడేళ్లలో సంపాదించుకున్న పరిచయాలన్నీ వాడాను. ఊళ్లో ఉన్న ఏజెన్సీలన్నిటికీ ఫోన్ చేశాను. కొందరు ఆ పేరే వినలేదన్నారు. ఒకాయన, "అది మన దగ్గరికి రాదు బేటీ, ఎక్కడ వెతికినా దొరకదు" అన్నాడు. ఎవరికి ఏ మందు కావాలన్నా సాయంత్రానికి తెప్పిస్తానని పేరున్నదాన్ని. నా తల్లికి తెప్పించలేకపోయాను.

అన్న పొద్దున, సాయంత్రం పాలు పిండి పోసి పరుగున వచ్చేవాడు. రాగానే ఒకటే ప్రశ్న. "ఎంత దిగింది చెల్లె?"

"దిగుతుంది అన్నా. దానంతట అదే దిగాలె. మనం చేసేదేం లేదు."

"జర జల్ది దిగేతందుకు ఏమన్నా ఇయ్యరాదా? నీకెర్కనే గదా."

నాకు ఎరుకే. ఎరుకైనందుకే గుండె మండిపోయేది. ఏమీ తెలియనివాడు దేవుడికి మొక్కుకుని కాసేపు కునుకు తీస్తున్నాడు. నాకు కళ్లు మూసినా అంకెలే.

మంగళవారం అమ్మ కాస్త తేరుకుంది. నా తెల్ల దుపట్టా చూసి, "పసుపురంగు మంచిగుంది బిడ్డా" అంది. బుధవారం మాటలు తడబడ్డాయి, బర్రెలను పేరుపేరునా పిలిచింది. గురువారం పొద్దున మళ్లీ పరీక్షకు రక్తం తీసుకుపోయారు. పదకొండింటికి గుండె గతి తప్పింది, తీగ పెట్టినా దారికి రాలేదు. నలుగురు మీదపడి నొక్కారు, కరెంటు షాక్ ఇచ్చారు. అరగంట తర్వాత డాక్టరమ్మ చేతి తొడుగులు తీసేసి నావైపు చూసింది. 

ఒంటిగంటకు, అమ్మను కిందికి దించడానికి కాగితాల కోసం నిలబడి ఉండగా, అన్న ఫోన్‌కు ల్యాబ్ నుంచి రిపోర్ట్ వచ్చింది. ఫోన్ నా చేతికిచ్చి చదవమన్నాడు. రెండు పాయింట్ తొమ్మిది. నా లెక్క ఎక్కడా తప్పలేదు.

"దిగిందా?" అన్నాడు.

"దిగింది."

"మిగిలింది?"

"ఇంక దిగదన్నా. శరీరం బతికుంటేనే దిగుతది."

అతను తలూపాడు. అర్థమైందో లేదో. మేనత్తలు, గల్లీవాళ్లు చేరారు. అన్న నా తలమీద చెయ్యి పెట్టి అందరికీ వినిపించేలా అన్నాడు: "మా చెల్లె మెడికల్‌ల ఉండవట్టే అమ్మ గిన్నేండ్లు బతికింది. ఏ గోలీ ఏందో అంత ఇదే చూసుకున్నది. కన్నకొడుకును, నాకేం తెల్సు?"

అందరూ నన్ను దగ్గరికి తీసుకుని ఏడ్చారు. నేను నోరు విప్పలేదు. ఆ తర్వాతా విప్పలేదు. అన్నకు చదవడం రాదు. ఆ ధైర్యంతోనే ఇదంతా రాశాను.