స్తంభం లేపిన గొంతు

ఆంధ్రరాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు తంతి స్తంభాలు నాటే ముఠాలో నేనూ ఒక కూలీని. నాలుగక్షరాలు వచ్చని నన్ను మేస్త్రీని చేశారు. నాకు పని నేర్పిన ఓబులేసన్న ఆ రోజు నుంచి నా ముఖం చూడటం మానేశాడు.

"కాగితం చదివితే స్తంభం లేస్తాదేమప్పా?" అని అందరి ముందే అడిగాడు.

ఆ మాట పడ్డాక నేనూ మేస్త్రీననిపించుకోవాలని చూశాను.

స్తంభం లేపేటప్పుడు ఒకరు పదం పాడితే, మిగతావాళ్లు అందుకుని ఒక్కసారే బలం పెట్టాలి. ఆ పదం ఎప్పుడూ ఓబులేసన్నదే. మేస్త్రీని కదా అని ఆళ్లగడ్డ దగ్గర ఓ ఉదయం పదం నేనే ఎత్తుకున్నాను. అతడు తాడు పట్టుకుని నోరు మూసుకున్నాడు. నా గొంతుకు కొందరు లాగారు, కొందరు ఆగారు. సగం లేచిన స్తంభం పక్కకు ఒరిగి, కింద కర్రలు ఆనించిన ఇద్దరి మీదికి రాసాగింది.

"అన్నా, నువ్వు పాడు!" అని అరిచాను.

ఒక్క క్షణం నన్ను చూసి, పదం ఎత్తుకున్నాడు. అందరి బలం ఒక్కటైంది. స్తంభం గుంతలో దబ్బున కూర్చుంది.

అందరూ వినేలా చెప్పాను: "పదం నీదే అన్నా. ఎప్పుడు ఎత్తాల్నో, ఎప్పుడు ఆపాల్నో నేను చెప్తా. నీకు పాడ బుద్ధికాకుంటే ముందే చెప్పు. ఆ పొద్దు స్తంభం కింద ఎవుర్నీ నిలబెట్టను."

అతడు నన్ను మేస్త్రీ అని చివరిదాకా పిలవలేదు. కానీ మర్నాటి నుంచి పదం ఎత్తుకునే ముందు నా వైపు చూసేవాడు. నేను తల ఊపేదాకా ఆగేవాడు.